పొడవు గడ్డం: చిక్కు కొన నుంచి, దిశ కుదురు నుంచి

మా బావమరిది తిరుమల మొక్కు పేరుతో గడ్డం వదిలేశాడు. ఆరు నెలలు దాటాక ఒక ఆదివారం పొద్దున బండి మీద వచ్చి, హెల్మెట్ తీస్తూనే "బావా, కొండకు పోయేదాకా ఇది ఉంటుందని నమ్మకం లేదు, దువ్వెన పెడితే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు. గడ్డం 7 సెంటీమీటర్ల దాకా ఉంది, పైకి బాగానే కనిపిస్తోంది. ఎడమ దవడ కింద వేలు పెట్టి చూస్తే మాత్రం శనగగింజంత ఉండలు మూడు తగిలాయి. కుడి చెంప వెంట్రుకలు బుద్ధిగా కిందికి దిగితే, ఎడమ చెంపవి చెవి వైపు లేచి నిలబడ్డాయి. చొక్కా జేబులో చిన్న ప్లాస్టిక్ దువ్వెన ఒకటి. వాడి సరంజామా అంతా అదే.

ఆ రోజు వాడి గడ్డానికి నేను చేసినదీ, తర్వాత రెండు నెలలు వాడి చేత చేయించినదీ వరసగా రాస్తున్నాను. పద్ధతంతా రెండు ముక్కల్లో ఉంది. చిక్కు కొన నుంచి తీయాలి, దిశ కుదురు నుంచి దిద్దాలి. మొదటిది దువ్వెన పని, రెండోది బ్రష్ పని. ఈ రెంటినీ ఒకే దువ్వెనతో, ఒకే ఊపులో కానిచ్చేయబోతేనే గడ్డం పాడవుతుంది. 5 సెంటీమీటర్ల లోపు గడ్డానికి ఇంత తతంగం అక్కర్లేదు, ఒక బ్రష్ చాలు. ఇది అంతకు మించి పెరిగినవాళ్ళ కోసం.

గడ్డమే ఎందుకు ఇంత చిక్కుపడుతుంది

తల వెంట్రుకతో పోలిస్తే గడ్డం వెంట్రుక లావు. పైగా అది గుండ్రంగా ఉండదు, కాస్త నొక్కినట్టు బల్లపరుపుగా, దారిలో మెలి తిరుగుతూ ఉంటుంది. అందుకే తల మీద సాఫీగా ఉన్నవాళ్ళకు కూడా గడ్డం ఉంగరాలు తిరుగుతుంది. పక్కపక్కనే రెండు ఉంగరాలుంటే ఒకదాంట్లోకి ఒకటి దూరకుండా ఉండవు.

వెంట్రుక పై పొర ఇంటి కప్పు మీది పెంకుల్లాంటిది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, అంచులు కొన వైపు తిరిగి ఉంటాయి. ఒక్క వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య పట్టి కుదురు నుంచి కొనకు జారిస్తే నున్నగా వస్తుంది, కొన నుంచి కుదురుకు జారిస్తే వేలికి పట్టినట్టు ఉంటుంది. సబ్బుతో రుద్దినా, తువ్వాలుతో గట్టిగా తుడిచినా ఈ పెంకులు లేస్తాయి. లేచిన పెంకులు పక్క వెంట్రుకను పట్టుకుంటాయి. బోరు నీళ్ళ ఊళ్ళలో ఇంకో తంటా ఉంది. ఉప్పు నీళ్ళలో సబ్బు సరిగా కరగక, తెల్లని జిగట పొరగా వెంట్రుకకు అంటుకుంటుంది. స్నానం చేసి వచ్చాక కూడా గడ్డం గరగరలాడుతుంటే కారణం చాలాసార్లు అదే. ముఖానికి వాడే సబ్బు మానేసి షాంపూకు మారితే ఈ గరుకులో సగం పోతుంది.

పై నుంచి కిందికి ఒకే ఈడ్పులో దువ్వితే ఏమవుతుందో చూడండి. మధ్యలో ఉన్న చిన్న చిక్కు విడిపోదు, దువ్వెన పళ్ళ ముందు కిందికి జరుగుతుంది. దాని కింద ఇంకో చిక్కు ఉంటుంది, రెండూ కలుస్తాయి. కొనకు చేరేసరికి నాలుగు చిక్కులు ఒక ముడిగా బిగుస్తాయి. అప్పుడు లాగితే తెగుతుంది. మా వాడి శనగగింజలు అలా పుట్టినవే. రోజూ దువ్వుతున్నానని వాడు అనుకుంటున్నాడు, నిజానికి రోజూ ముడి బిగిస్తున్నాడు.

దిశ మార్చడం అంటే ఏం మారుతుంది

వెంట్రుక ఏ వైపు వాలి పుట్టాలో చర్మం లోపల దాని కుదురు వాలు నిర్ణయిస్తుంది. ఎన్నేళ్ళు దువ్వినా ఆ వాలు మారదు. మూడు నెలలు బ్రష్ చేస్తే గడ్డం మళ్ళీ తిరిగిచూడదని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి.

మారేది బయట ఉన్న భాగం. వెంట్రుక తడిస్తే లోపలి బంధాల్లో కొన్ని సడలుతాయి, ఆరేటప్పుడు మళ్ళీ బిగుస్తాయి. ఆరే సమయంలో వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే నిలుస్తుంది. చొక్కా మీద నీళ్ళు చల్లి ఇస్త్రీ చేస్తే మడత నిలిచినట్టే. మళ్ళీ తడిస్తే, లేదా ముసురు పట్టిన రోజున, ఆ మడత పోతుంది. అందుకే ఇది రోజూ చేయాల్సిన పని. కాకపోతే వారాలు గడిచేకొద్దీ సులువవుతుంది, ఎందుకంటే గడ్డం నెలకు ఒక సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది, ఆ బరువే వెంట్రుకను కిందికి లాగి మనకు సాయపడుతుంది. 3 సెంటీమీటర్ల దగ్గర మొండికేసిన చెంప 7 దగ్గరకు వచ్చేసరికి మాట వింటుంది.

చేతిలో ఏం ఉండాలి

దువ్వెనలు రెండు. ఒకటి పళ్ళ మధ్య 3, 4 మిల్లీమీటర్ల సందు ఉన్నది, చిక్కు తీయడానికి. రెండోది సన్నపళ్ళది, చివర్లో సర్దడానికీ మీసానికీ. అచ్చులో పోసిన చవక ప్లాస్టిక్ దువ్వెనలో ప్రతి పన్ను పక్కనా అచ్చు అతుకు గీత ఒకటి ఉంటుంది. వేలికి తెలియదు కానీ వెంట్రుకను రంపంలా గీరుతుంది. కొనే ముందు కొంచెం దూదిని పళ్ళ మధ్య నుంచి లాగి చూడండి. దూది పోగులు పళ్ళకు పట్టుకుంటే ఆ దువ్వెన వద్దు. వేప చెక్క దువ్వెన సంతలో కూడా దొరుకుతుంది, బాగా నునుపు పట్టించినదైతే దానికి మించినది అక్కర్లేదు. కొమ్ముతో చేసినవీ మంచివే. చెక్క, కొమ్ము రెండూ చలికాలంలో గడ్డానికి ప్లాస్టిక్‌లా కరెంటు పట్టించవు. ఆ కరెంటు వల్లే వెంట్రుకలు ఒకదానికొకటి దూరంగా లేచి నిలబడతాయి.

బ్రష్ విషయంలో, గడ్డానికి ఎక్కువగా అమ్మేది పంది వెంట్రుకలది. దాని పైన కూడా మన వెంట్రుకలాగే సన్నని పెంకుల గరుకు ఉంటుంది కాబట్టి చర్మం దగ్గరి జిడ్డును పట్టుకుని కొనల దాకా తీసుకుపోతుంది. మతం వల్లో అలవాటు వల్లో అది ముట్టనివాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, కొనే ముందు అట్ట మీద చదివి చూసుకోవాలి. మెత్తని నైలాన్‌దీ, మొక్కల నారతో చేసినదీ దొరుకుతాయి. జిడ్డు పంచడంలో కొంచెం వెనకబడినా దిశ దిద్దడానికి పనికొస్తాయి. బ్రష్ కుచ్చును అరచేతి వెనక్కి నొక్కి చూస్తే గుచ్చుకోకూడదు, అలాగని పూర్తిగా పడిపోకూడదు. 8, 10 సెంటీమీటర్లు దాటిన ఒత్తు గడ్డంలో ఉత్త పంది వెంట్రుకల బ్రష్ పై పొర మీదే జారిపోతుంది. మధ్యమధ్య పొడవాటి నైలాన్ పోచలు కలిపినది అయితే చర్మం దాకా దిగుతుంది.

ఇవి కాక నీళ్ళు చల్లే చిన్న స్ప్రే సీసా, కొంచెం నూనె, పాత నూలు తువ్వాలు. హెయిర్ డ్రయ్యర్ ఉంటే మంచిది, లేకపోయినా పని జరుగుతుంది.

మొదటి మెట్టు: ఏ వెంట్రుక ఎటు పుడుతోందో చూసుకోవడం

దీన్ని ఒక్కసారి చేస్తే చాలు, కానీ చేయకుండా ముందుకు పోవద్దు. వెలుతురులో అద్దం ముందు నిలబడి, దువ్వెనతో గడ్డాన్ని పాయలుగా విడదీసి కుదుళ్ళు చూడండి. చెంప, దవడ అంచు, చుబుకం, మెడ, ఈ నాలుగు చోట్లా రెండు వైపులా చూడాలి. చెంప మీద చాలామందికి కిందికే పుడుతుంది. మెడ మీద మాత్రం పైకి పుట్టేవాళ్ళు, చెవి వైపు పక్కకు పుట్టేవాళ్ళు, సుడి ఉన్నవాళ్ళు ఉంటారు. కుడీ ఎడమా ఒకేలా ఉండాలని లేదు. మా వాడికి ఎడమ దవడ కింద రూపాయి బిళ్ళంత సుడి బయటపడింది. చిక్కులు అక్కడే ఎందుకు పడుతున్నాయో, ఎడమ చెంప ఎందుకు లేస్తోందో దాంతో తేలిపోయింది. కింద సుడి తోస్తుంటే పైన చెంప వెంట్రుకలు ఎక్కడికి పోతాయి?

రెండో మెట్టు: కడగడం, ఆరబెట్టడం

షాంపూ వారానికి రెండుసార్లు చాలు, దుమ్ములో బండి నడిపేవాళ్ళకు మూడు. మిగతా రోజులు ఉత్త నీళ్ళు. షాంపూ తర్వాత కొనల మీద కండిషనర్ రాసి రెండు నిమిషాలు ఉంచాలి. ఆ జారుడు ఉండగానే వేళ్ళతో పాయల్ని విడదీస్తే పెద్ద చిక్కులు అక్కడే సగం ఊడొస్తాయి. బాగా ఉంగరాల గడ్డం ఉన్నవాళ్ళు వెడల్పు పళ్ళ దువ్వెనను కూడా కండిషనర్ ఉన్నప్పుడే వాడటం మేలు, ఆరాక వాళ్ళకు ఇంకా కష్టం.

మిగిలినవాళ్ళు తడి గడ్డానికి దువ్వెన పెట్టకూడదు. తడిసిన వెంట్రుక రబ్బరులా సాగుతుంది, సాగి సాగి తెగుతుంది. తువ్వాలుతో రుద్దకుండా గుప్పిట్లో గడ్డాన్ని పట్టి ఒత్తండి. పది, పదిహేను నిమిషాలు ఆగితే నీటిచుక్క కారదు కానీ చేతికి చల్లగా తగులుతుంది. ఆ అదను పట్టుకోవాలి. మరీ తడిగా ఉంటే తెగుతుంది, పూర్తిగా ఆరితే దిశ మాట వినదు.

మూడో మెట్టు: నూనె

7 సెంటీమీటర్ల గడ్డానికి నాలుగైదు చుక్కలు. గడ్డకట్టిన కొబ్బరినూనె అయితే పెసరగింజంత తీసి అరచేతుల్లో కరిగించాలి. ముందు వేళ్ళ కొసలతో చర్మానికి, తర్వాత అరచేతుల్లో మిగిలినదాన్ని కొనలకు. గడ్డం మెరుస్తూ కనిపిస్తే ఎక్కువైనట్టే, అప్పుడు దుమ్ము పట్టి మళ్ళీ చిక్కుపడుతుంది.

కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, చాలా నూనెలు పైనే ఉండిపోతాయి. 2003లో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెల్ని తల వెంట్రుకల మీద పోల్చిన మన దేశపు అధ్యయనంలో వెంట్రుక నుంచి ప్రోటీన్ పోవడాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అయితే అది వెంట్రుకకు మంచిది కానీ ముఖ చర్మానికి అందరికీ పడదు. రంధ్రాలు పూడి మొటిమలు వచ్చేవాళ్ళు కొనలకు మాత్రమే కొబ్బరినూనె రాసి, చర్మానికి జొజోబా లాంటి తేలికైన నూనె వాడుకోవాలి. మా బావమరిది మొదటి వారంలో నా మాట వినకుండా తలకు రాసుకున్నట్టు ధారగా రాసుకున్నాడు. మూడో రోజుకు చుబుకం కింద కురుపులు. రెండు రోజులు నూనె మానేసి, షాంపూతో కడిగాక తగ్గాయి.

నాలుగో మెట్టు: చిక్కు తీయడం

ఇక్కడ తొందరపడితే మిగతావన్నీ వృథా. వెడల్పు పళ్ళ దువ్వెన తీసుకుని, కొన నుంచి 2 సెంటీమీటర్ల పైన పెట్టి కిందికి దువ్వండి. అక్కడ అడ్డం లేకుండా జారితే ఇంకో 2 సెంటీమీటర్లు పైకి జరిగి, అక్కడి నుంచి కొన దాకా. అలా మెట్టు మెట్టు ఎక్కుతూ చర్మం దాకా వెళ్ళాలి. ప్రతిసారీ కొన దాకా దారి ముందే తెరిచి ఉంటుంది కాబట్టి చిక్కు జరిగినా బయటికే పోతుంది. అమ్మలు ఆడపిల్లల జడ చిక్కు తీసేది ఇలాగే. మగవాళ్ళకు ఎవరూ నేర్పలేదు, అంతే.

దువ్వెన ఆగిన చోట లాగకండి. చిక్కుకు పైన పాయను రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోండి. అప్పుడు లాగుడు మీ వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది, చర్మానికి చేరదు, నొప్పి ఉండదు. తర్వాత చిక్కు కింది అంచు నుంచి దువ్వెన చివరి ఒకటి రెండు పళ్ళతో కొద్దికొద్దిగా విడదీయాలి. అప్పటికీ రాకపోతే ఒక చుక్క నూనె చిక్కు మీద వేసి ఐదు నిమిషాలు వదిలేసి, వేరే వైపు పని చూసుకోండి. తిరిగి వచ్చేసరికి వేళ్ళతోనే విడిపోవచ్చు.

మా వాడి మూడు ఉండల్లో రెండు ఇలాగే విడిపోయాయి, పాతిక నిమిషాలు పట్టింది. మూడోది విడలేదు. అలాంటప్పుడు కత్తెరను ఉండకు అడ్డంగా పెట్టి కోస్తే గడ్డంలో గుంత పడుతుంది. చిన్న కత్తెర మొనను ఉండలోకి నిలువుగా, వెంట్రుకల వెంట పెట్టి రెండు చోట్ల చీల్చాను. ఉండ మూడు ముక్కలై, ఒక్కో ముక్కా దువ్వెనకు వచ్చేసింది. పోయినవి పది పన్నెండు వెంట్రుకలు, బయటికి తెలియలేదు.

దువ్వెనలో మిగిలిన వెంట్రుకల్ని పారేసే ముందు ఒకసారి తెల్లకాగితం మీద వేసి చూడండి. ఒక చివర చిన్న తెల్లని గుబ్బ ఉంటే అది కాలం తీరి రాలినది, రోజూ కొన్ని అలా రాలతాయి, బెంగపడొద్దు. గుబ్బ లేకుండా పొట్టి ముక్కలు పడుతుంటే మీరు తెంపుతున్నారు. దువ్వేటప్పుడు చిటచిట చప్పుడు వినిపించినా అంతే. కొనలు రెండుగా చీలి కనిపిస్తే ఏ నూనె రాసినా అతకవు. ఆ అర సెంటీమీటరు కత్తిరించేయడమే మార్గం, చీలిన కొనలే చిక్కులకు కొక్కేలు.

ఐదో మెట్టు: దిశ దిద్దడం

చిక్కులన్నీ పోయాకే బ్రష్ అందుకోవాలి. చిక్కు మీద బ్రష్ పడితే పై వెంట్రుకలు ఆ ముడిలోకి కూరుకుపోతాయి.

ముందు ఎదురు వైపు. మెడ నుంచి చుబుకం వైపు పైకి, దవడ నుంచి చెంప వైపు పైకి, నాలుగైదు సార్లు మెత్తగా. గడ్డం అప్పుడు రేగిన పిచ్చుక గూడులా కనిపిస్తుంది, కంగారు పడకండి. పొరలు విడి, పోచలు కుదురు దాకా దిగడానికే ఇది. తర్వాత అనుకున్న దిశలో. బ్రష్‌ను చర్మానికి ఆనించి కుదురు నుంచి మొదలుపెట్టి కొన దాకా ఒకే సాగుడులో రావాలి. పైపైన నిమిరితే లాభం లేదు, వెంట్రుక వంగాల్సింది చర్మం దగ్గరి మొదటి సెంటీమీటరులో. ఒక్కో వైపుకు పదిహేను ఇరవై సార్లు చాలు. వంద సార్లు దువ్వితే బలమని పాతకాలపు మాట ఒకటుంది, గడ్డానికి అది ఒరిపిడి తప్ప ఇంకోటి కాదు.

సాగుడు ఎటు ఉండాలి అనేది మొదటి మెట్టులో చూసుకున్నదాన్ని బట్టి. చెంపలు పక్కకు ఉబ్బేవాళ్ళు నేరుగా కిందికి కాకుండా కొంచెం ముందుకు, చుబుకం వైపు వాల్చి దువ్వాలి. మెడ వెంట్రుకలు పైకి పుట్టేవాళ్ళకు గడ్డం ముందుకు పొడుచుకొస్తుంది. వాళ్ళు తల ఎత్తి, మెడ వెంట్రుకల్ని పక్కకు వాలుస్తూ విడిగా ఒక విడత చేయాలి. పుట్టిన దిశకు పూర్తిగా ఎదురు తిప్పాలని చూడొద్దు. కొంతవరకే ఒప్పుకుంటుంది, అంతకు మించితే కుదురు దగ్గర నొప్పి పుట్టి, సాయంత్రానికి మళ్ళీ లేస్తుంది.

ఇప్పుడు ఆరబెట్టాలి. డ్రయ్యర్ ఉంటే మధ్యరకం వేడి మీద, ఒక జానెడు దూరంలో, గాలి కుదురు నుంచి కొనకు వీచేట్టు పట్టి బ్రష్‌తో పాటే కదిలించండి. ఎదురు గాలి పెడితే పెంకులు లేచి మళ్ళీ మొదటికొస్తుంది. చర్మానికి చురుక్కుమంటే దూరం జరపండి. రెండు మూడు నిమిషాల్లో పొడిగా అయ్యాక చివరి అర నిమిషం చల్లగాలి. వెంట్రుక వేడిగా ఉండగా వదిలేస్తే వంపు సడలుతుంది, చల్లారేదాకా బ్రష్‌తో అదిమి ఉంచితే నిలుస్తుంది. డ్రయ్యర్ లేనివాళ్ళు దువ్విన చోట అరచేతితో నొక్కి పట్టుకుని, మధ్యమధ్య మళ్ళీ దువ్వుతూ గాలికే ఆరనివ్వాలి.

ఈ నొక్కి ఆరబెట్టే విద్యలో సిక్కుల్ని మించినవాళ్ళు లేరు. హైదరాబాద్‌లో అత్తాపూర్ దగ్గర సిఖ్ ఛావనీ వైపు పొద్దున్నే వెళ్తే, చుబుకం కింద నుంచి నెత్తి మీదికి గుడ్డ పట్టీ కట్టుకున్న సర్దార్లు కనిపించవచ్చు. దాన్ని ఠాఠీ అంటారు. తడి గడ్డానికి గంజి లాంటి జెల్ పట్టించి, దువ్వి, ఆ పట్టీ కట్టి ఆరేదాకా ఉంచుతారు. విప్పాక గడ్డం సాయంత్రం దాకా చెక్కినట్టు ఉంటుంది. ఎడమ చెంప లాంటి మొండి చోట్లకు మనమూ మెత్తని నూలు గుడ్డ పావుగంట కట్టుకోవచ్చు. బిగుతు మాత్రం వద్దు. గడ్డాన్ని ఏళ్ళ తరబడి బిగించి కట్టేవాళ్ళలో దవడ కింద లాగుడుకు వెంట్రుకలు శాశ్వతంగా పలచబడటం వైద్యులు చూసిన సంగతే. కట్టిన చోట నొప్పి తెలుస్తోందంటే అది బిగుతే.

ఆఖర్న సన్నపళ్ళ దువ్వెనతో పైపైన సర్దండి. గాలికి ఎగిరే వెంట్రుకలకు మైనం, షియా వెన్న కలిసిన బామ్ గోరు మొనంత తీసి, అరచేతుల్లో కరిగేదాకా రుద్ది రాయాలి.

కడగని రోజుల్లో

స్ప్రే సీసాతో నాలుగైదు సార్లు నీళ్ళు చల్లి, చేత్తో లోపలికి పట్టించి, నిమిషం ఆగి నాలుగు, ఐదు మెట్లే చేయాలి. ఐదు నిమిషాల పని. పొడి గడ్డం మీద ఎంత బ్రష్ చేసినా గంటలో తిరగబడుతుంది, నీళ్ళు లేనిదే ఆ బంధాలు సడలవు కదా.

హెల్మెట్, దిండు

పొద్దునంతా దిద్దినదాన్ని హెల్మెట్ పట్టీ పది నిమిషాల్లో పాడు చేస్తుంది. పట్టీ గడ్డం పైనుంచి వేసుకుంటే వెంట్రుకలు దాని కింద నలిగి, తల తిప్పినప్పుడల్లా పేనుకుంటాయి. గడ్డాన్ని ఒక చేత్తో ముందుకు ఎత్తి, పట్టీని చర్మానికి ఆనేట్టు వేసుకోండి, గడ్డం పట్టీ మీద పడాలి. పట్టీ వదులు చేయడం పరిష్కారం కాదు, ప్రాణం మీదికొస్తుంది. దిగాక వెంటనే దువ్వెన తీయొద్దు. చెమటతో తడిసి ఉంటుంది కాబట్టి వేళ్ళతో విడదీసి, ఆరనిచ్చి అప్పుడు దువ్వాలి.

పడుకునే ముందు ఒకసారి వెడల్పు దువ్వెనతో కొన నుంచి చిక్కు తీసి, ఒక్క చుక్క నూనె కొనలకు రాస్తే పొద్దున పని సగమవుతుంది. ఒకే పక్కకు తిరిగి పడుకునేవాళ్ళకు ఆ పక్క చెంప లేస్తుంది. గుప్పిట దాటి పెరిగిన గడ్డాన్ని రాత్రిపూట వదులుగా అల్లుకోవచ్చు.

దువ్వినకొద్దీ పొట్టు రాలుతుంటే

నల్లచొక్కా మీద తెల్లపొట్టు పడుతోందని గట్టిగా బ్రష్ చేస్తారు, నూనె పెంచుతారు. రెండూ తప్పే. పొట్టుతో పాటు దురద, ఎర్రదనం ఉంటే అది తలలో వచ్చే చుండ్రు లాంటిదే. చర్మం మీద ఉండే ఒక రకం ఈస్ట్ నూనెలోని కొవ్వు తిని పెరుగుతుంది. కొన్నాళ్ళు నూనె మానేసి, చుండ్రుకు వాడే కీటోకొనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు గడ్డం చర్మానికి పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగండి. నాలుగు వారాలైనా తగ్గకపోయినా, గుండ్రని మచ్చలుగా వెంట్రుకలు ఊడుతున్నా చర్మవైద్యుడికి చూపించాలి, అది దువ్వెనతో తీరేది కాదు.

దువ్వెన, బ్రష్ శుభ్రం గురించి ఒక్క మాట. బ్రష్‌లో చిక్కిన వెంట్రుకల్ని వారానికోసారి దువ్వెనతో లాగేసి, నెలకోసారి షాంపూ నీళ్ళలో పోచలు మాత్రం ముంచి కడిగి, పోచలు కిందికి ఉండేట్టు బోర్లించి ఆరబెట్టాలి. చెక్క దువ్వెనను నీళ్ళలో నానబెడితే పళ్ళు వంకర పోతాయి, పాత టూత్‌బ్రష్‌తో దులిపి నూనె గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

మా వాడి గడ్డం ఏమైందంటే

మొదటి వారం నూనె గొడవతోనే పోయింది. రెండో వారంలో చిక్కులు కనపడటం మానేశాయి, దువ్వెనలో పొట్టి ముక్కలు కూడా తగ్గాయి. ఎడమ చెంప మూడో వారం నుంచి దారికొచ్చింది, మొదట్లో మధ్యాహ్నం దాకా, తర్వాత సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేదాకా వాలి ఉండేది. వానాకాలం మొదలయ్యాక మళ్ళీ లేవడం మొదలెట్టింది, బామ్ కొంచెం పెంచితే ఆగింది.

సుడి మాత్రం లొంగలేదు. నెలన్నర బ్రష్ చేశాక, అక్కడ వెంట్రుక పొడవు తగ్గిస్తే తిరగడానికి ఏమీ మిగలదని తేల్చుకున్నాం. మొక్కు గడ్డానికి కత్తెర పెట్టడమా అని వాడు నసిగాడు. వాళ్ళమ్మను, అంటే మా అత్తగారిని అడిగితే "దేవుడికి ఇచ్చేది గడ్డం, చిక్కులు కావు" అంది. దవడ కింద ఆ రూపాయి బిళ్ళంత మేర 1 సెంటీమీటరుకు కత్తిరించాం. పైన పొడవాటి వెంట్రుకలు కప్పేయడంతో ఎవరికీ కనపడలేదు. కళ్యాణకట్టలో గడ్డం తీసేదాకా అక్కడ మళ్ళీ ఉండ కట్టలేదు.